మీగాలి నొప్పి, మడమ జారుడు: లేసు మార్చి కట్టి చూడండి

తెలంగాణలో పోలీసు కానిస్టేబుల్ ఉద్యోగం కావాలంటే మగపిల్లలు 1600 మీటర్లు పరుగెత్తాలి. 2022 నాటి నోటిఫికేషన్ ప్రకారం 7 నిమిషాల 15 సెకన్లలో పూర్తి చెయ్యాలి. ఆ పరుగు కోసం తెల్లవారకముందే కాలేజీ గ్రౌండ్లకు చేరే కుర్రాళ్లలో ఒకణ్ణి ఊహించుకుందాం. కొత్తగా రన్నింగ్ షూస్ కొన్నాడు. వేళ్ల దగ్గర సరిపోయాయి, కానీ అడుగు పడిన ప్రతిసారీ మడమ కొంచెం పైకి లేస్తోంది. నాలుగు రోజులు తిరిగేసరికి మడమ వెనక పొక్కు లేచింది. వదులుగా ఉన్నాయి కాబోలు అనుకుని లేసులు గట్టిగా లాగి కట్టాడు. మడమ జారడం కాస్త తగ్గింది గానీ ఈసారి మీగాలు నొప్పి మొదలైంది. పరుగు సగంలో ఉండగా బొటనవేలి పక్కన తిమ్మిరెక్కుతోంది. లేసు వదులు చేస్తే మళ్లీ మడమ జారుతోంది.

ఈ రెండు బాధలూ చాలామందికి ఇలా జంటగానే వస్తాయి. ఒకదానికి చేసుకున్న వైద్యం రెండోదాన్ని తెచ్చిపెడుతుంది. కారణం ఒక్కటే. లేసు బిగించడమంటే బూటు మొత్తాన్ని ఒకే తీరున బిగించడమని మనం అనుకుంటాం. నిజానికి మడమను పట్టి ఉంచాల్సిన చోటు వేరు, నొప్పి పుడుతున్న చోటు వేరు. రెండింటి మధ్య నాలుగైదు సెంటీమీటర్ల దూరం ఉంటుంది. ఒక చోట వదిలి, ఇంకో చోట పట్టుకునేలా లేసు ఎక్కించుకోవచ్చు. దీనికి పైసా ఖర్చు లేదు, పది నిమిషాలు చాలు.

ముందు మీగాలి సంగతి చూద్దాం. అరికాలికి మందమైన కొవ్వు పొర ఉంటుంది. పాదం పైభాగానికి ఆ రక్షణ లేదు. అక్కడ పలుచని చర్మం, దాని కిందే వేళ్లను పైకి లేపే స్నాయువులు, వాటి కింద ఎముకలు. డాక్టర్లు పాదం నాడి చూసేది కూడా అక్కడే, ఎందుకంటే రక్తనాళం వేలికి తగిలేంత పైన ఉంటుంది. దాని పక్కనే ఒక నరం వెళ్తుంది. బొటనవేలికీ రెండో వేలికీ మధ్య సందులో స్పర్శ తెలిసేది ఆ నరం వల్లే. లేసు అడ్డంగా దాటే చోటు సరిగ్గా ఈ నరం మీదికి వస్తే, బిగుతు పెరిగే కొద్దీ ఆ సందులో తిమ్మిరి, మంట, సూదులు గుచ్చినట్టు ఉండటం మొదలవుతుంది. కుర్రాడికి బొటనవేలి పక్కన తిమ్మిరెక్కింది అందుకే.

కొందరికి మీగాలు పుట్టుకతోనే ఎత్తుగా ఉంటుంది. ఇంకొందరికి బొటనవేలి వరసలో, మీగాలి నడిమధ్యన ఎముక చిన్న బుడిపెలా పైకి తేలి ఉంటుంది. మామూలు చెప్పుల్లో దాని సంగతే తెలియదు. లేసుల బూటు వేసినప్పుడు మాత్రం ఆ బుడిపె మీద ఎర్రగా కందిపోతుంది. వీళ్లలో చాలామంది బూటు సైజు తప్పిందనుకుని పెద్దది కొంటారు. దాంతో మడమ జారుడు మొదలవుతుంది. పొడవు పెరిగినంత మాత్రాన లేసు ఒత్తే చోటు మారదు కదా.

ఇక మడమ. నడిచేటప్పుడు మడమ నేల మీంచి లేచే క్షణంలో పాదం వేళ్ల మొదళ్ల దగ్గర వంగుతుంది. బూటు కూడా అక్కడే వంగాలి. కానీ కొత్త బూటు అట్ట బిరుసుగా ఉంటుంది, పాదంతో పాటు వెంటనే వంగదు. పాదం లేస్తుంది, బూటు వెనకబడుతుంది. ఆ తేడానే మడమ జారుడు. కొత్త బూటులో అతి కొద్దిగా జారడం మామూలే. అట్ట మెత్తబడ్డాక తగ్గిపోతుంది. మేజోడు రాసుకుపోతున్నా, పొక్కు లేస్తున్నా, దిగుడు దారిలో వేళ్లు ముందుకు వెళ్లి తగులుతున్నా మాత్రం అది సరిచెయ్యాల్సిన జారుడే. మడమను వెనక గిన్నెలో కూర్చోబెట్టి ఉంచే పట్టు చీలమండ వంపు దగ్గర ఉంటుంది. బూటు పై అంచు ఆ వంపులోకి ఒదిగి పట్టుకోవాలి. కింది లేసులు ఎంత లాగినా ఆ పని చెయ్యలేవు. అవి పాదం మధ్యభాగాన్ని నొక్కుతాయి, అంతే.

ఇంకో సంగతి కూడా ఉంది. పై కొసలు పట్టుకుని గట్టిగా లాగితే బిగుతు కింది దాకా సమానంగా వెళ్లదు. లేసు ప్రతి రంధ్రం దగ్గరా రాపిడికి గురవుతుంది, లాగిన బలంలో కొంత అక్కడే పోతుంది. అందుకే పై రెండు మూడు జతలు కోసుకుపోయేంత బిగుతుగా, కింది రెండు జతలు వదులుగా ఉండిపోతాయి. కింది నుంచి ఒక్కో అడ్డగీతనూ వేలితో లాగి సర్దుకుంటూ పైకి రావాలి. చాలామంది మీగాలి నొప్పి ఈ ఒక్క అలవాటుతోనే సగం తగ్గుతుంది.

ఇప్పుడు కుర్రాడి బూటు విప్పుదాం. అతని షూస్‌కు ఒక్కో వైపు ఏడు రంధ్రాలున్నాయి. వేళ్ల వైపు నుంచి ఒకటి, రెండు అని లెక్కపెడితే ఆరో రంధ్రం దాకా లేసు ఉంది. ఏడోది ఖాళీ. అది మిగతావాటి వరసలో కాకుండా కాస్త వెనక్కి, చీలమండ వైపు జరిగి ఉంటుంది. ఆ రంధ్రం ఎందుకో తెలియక ఏళ్ల తరబడి వాడనివాళ్లే ఎక్కువ. దాని సంగతికి తర్వాత వద్దాం.

మొదటి పని, నొప్పి ఎక్కడో కచ్చితంగా పట్టుకోవడం. బూటు వేసుకుని లేసుల మీద వేలితో ఒక్కో చోటా నొక్కుతూ పోతే జివ్వుమనే చోటు దొరుకుతుంది. తేలకపోతే మేజోడు మీద, నొప్పి ఉన్న చోట చాక్‌పీసు బాగా రుద్ది, బూటు తొడుక్కుని లేసు కట్టి నాలుగడుగులు వెయ్యాలి. విప్పి చూస్తే బూటు నాలుక అడుగున తెల్ల మచ్చ కనిపిస్తుంది. అది ఏ రెండు రంధ్రాల మధ్య ఉందో చూసుకోవాలి. మన కుర్రాడికి మూడో జతకూ నాలుగో జతకూ మధ్య పడింది. లేసులు ఒకదాన్నొకటి దాటుతున్నది కూడా సరిగ్గా అక్కడే.

లేసును మూడో జత దాకా విప్పాలి. ఒకటి నుంచి మూడు వరకు మామూలు అడ్డదాటులు అలాగే ఉంటాయి. మూడో రంధ్రంలోంచి రెండు కొసలూ బయటికి వచ్చి ఉంటాయి. ఇక్కడ వాటిని దాటించకూడదు. ఎడమ కొసను ఎడమ వైపే నిట్టనిలువుగా పైకి తీసుకెళ్లి నాలుగో రంధ్రంలో బయటి నుంచి లోపలికి దూర్చాలి. కుడి కొసను కుడి వైపే అలాగే దూర్చాలి. అప్పుడు రెండూ లోపలి వైపున ఉంటాయి. అక్కణ్ణుంచి ఒకదాన్నొకటి దాటించి, ఎదుటి వైపు ఐదో రంధ్రంలోంచి బయటికి తీయాలి. తర్వాత ఐదు నుంచి ఆరుకు మళ్లీ మామూలు దాటు. పూర్తయ్యాక చూస్తే మూడు, నాలుగు జతల మధ్య అడ్డంగా లేసే ఉండదు. రెండు పక్కలా నిలువు గీతలు, మధ్యలో ఖాళీ. చిన్న కిటికీ తెరిచినట్టు ఉంటుంది కాబట్టి దీన్ని విండో లేసింగ్ అంటారు, బాక్స్ లేసింగ్ అని కూడా అంటారు.

నొప్పి ఉన్న చోట అడ్డగీత లేనప్పుడు ఆ ఎముకనూ, ఆ నరాన్నీ కిందికి నొక్కే బలం అక్కడ చాలావరకు తగ్గిపోతుంది. బూటు అంచులు రెండూ ఆ ఖాళీలో కాస్త విచ్చుకుని బుడిపెకు చోటిస్తాయి. కింద, పైన ఉన్న దాటులు మాత్రం పాదాన్ని పట్టి ఉంచుతాయి. అందుకే ఇది లేసు మొత్తాన్ని వదులు చెయ్యడం కంటే మేలు. మొత్తం వదులు చేస్తే పాదం బూటులో ముందుకీ వెనక్కీ ఆడుతుంది.

కిటికీ తెరిచేవాళ్లు సాధారణంగా చేసే పొరపాటు దాన్ని అవసరానికి మించి పెద్దది చెయ్యడం. నొప్పి తగ్గింది కదా అని రెండు మూడు జతలు వరసగా వదిలేస్తే నాలుక ఆ ఖాళీలోంచి పైకి ఉబికి పక్కకు జరుగుతుంది, బూటు పాదాన్ని పట్టుకోదు. ఒక్క దాటు తీసేస్తే చాలు. తీసేసినా నొప్పి అలాగే ఉంటే కిటికీ తప్పు చోట పడిందని అర్థం. ఒక జత పైకో కిందికో జరిపి చూడాలి. కిటికీ పైనున్న మొదటి దాటును బిగించి కట్టడం ఇంకో పొరపాటు. అలా చేస్తే ఒత్తిడి పోదు, ఒక సెంటీమీటరు పైకి మారుతుంది, అంతే. ఆ దాటును చేత్తో సర్ది, లేసు కింద చూపుడువేలి కొన దూరేంత వదులు ఉంచాలి.

ఇక ఏడో రంధ్రం సంగతి. ఆరో రంధ్రంలోంచి బయటికి వచ్చిన ఎడమ కొసను ఎడమ వైపే ఉన్న ఏడో రంధ్రంలో బయటి నుంచి లోపలికి దూర్చాలి. పూర్తిగా లాగెయ్యకూడదు. ఆరుకూ ఏడుకూ మధ్య బయటి వైపున చిటికెనవేలు దూరేంత ఉచ్చు మిగలాలి. కుడి వైపూ ఇంతే. ఇప్పుడు రెండు కొసలూ లోపల, నాలుక మీద ఉన్నాయి. ఎడమ కొసను నాలుక మీదుగా తీసుకెళ్లి కుడి ఉచ్చులోంచి దూర్చాలి. కుడి కొసను ఎడమ ఉచ్చులోంచి దూర్చాలి. దీన్ని రన్నర్స్ లూప్ అంటారు, హీల్ లాక్ అని కూడా అంటారు.

బిగించే దిశ దగ్గరే ఎక్కువమంది తప్పు చేస్తారు. అలవాటు కొద్దీ కొసలను నిట్టనిలువుగా పైకి లాగుతారు. అలా లాగితే ఉచ్చులు నలిగి ముద్దవుతాయి, పట్టు రాదు. ముందు మడమను నేలకేసి ఒకసారి గట్టిగా వెనక్కి తట్టి గిన్నెలో కూర్చోబెట్టాలి. తర్వాత రెండు కొసలనూ పక్కలకు, కొంచెం కిందికి, అంటే అట్ట వైపుగా లాగాలి. అప్పుడు లాగిన బలం ఉచ్చు దగ్గర మళ్లుతుంది. బావి గిలక మీద చేద తాడు మళ్లినట్టు కొస ఉచ్చులో తిరిగి, ఏడో రంధ్రాన్ని లోపలికీ ముందుకీ లాక్కొస్తుంది. బూటు పై అంచు చీలమండ చుట్టూ ఒదుగుతుంది, మడమ వెనక గిన్నెకు ఆనుకుంటుంది. ఉచ్చు లేసును రెండు చోట్ల ఒరుసుకునేలా పట్టి ఉంచుతుంది కాబట్టి ముడి వేసేలోపు బిగుతు జారిపోదు. తర్వాత మామూలు ముడి వేసుకోవచ్చు.

ఈ పద్ధతిలో లేసు కొంత ఎక్కువ ఖర్చవుతుంది. ముడికి కొసలు చాలకపోతే కొంచెం పొడవైన లేసు కొనుక్కోవాలి. గుండ్రటి నున్నటి లేసుల కంటే పట్టీలా చదునుగా ఉండేవి ఉచ్చులో బాగా నిలుస్తాయి. స్కూలు పిల్లల కాన్వాస్ బూట్లకూ, ఆఫీసు బూట్లకూ వెనక్కి జరిగిన అదనపు రంధ్రం ఉండదు. అలాంటప్పుడు చివరి రెండు రంధ్రాల మధ్య ఉచ్చు వేసుకోవచ్చు. పట్టు కాస్త తక్కువే అయినా తేడా తెలుస్తుంది.

పై రంధ్రం దాకా లేసు ఎక్కించడం వల్ల నిజంగా ఏమైనా మారుతుందా అని జర్మనీలోని డ్యూయిస్‌బర్గ్–ఎస్సెన్ విశ్వవిద్యాలయంలో మార్కో హాగెన్, ఎవాల్డ్ హెన్నిగ్ పరీక్షించారు. అలవాటున్న రన్నర్లకు ఒకే బూటుకు రకరకాలుగా లేసు కట్టించి పరుగెత్తించారు. ఫలితాలు 2009లో ప్రచురించారు. ఏడో రంధ్రం దాకా కట్టినప్పుడు పాదం బూటుతో బాగా కుదురుకుందనీ, నేల తాకిడి భారం కాలిపై పెరిగే వేగం, పాదం లోపలికి వాలే వేగం వదులుగా కట్టినప్పటి కంటే తగ్గాయనీ తేలింది. ఎక్కువ రంధ్రాలు వాడితే ప్రతి దాటునూ కోసుకుపోయేంత బిగించాల్సిన పని ఉండదు. మీగాలి నొప్పి ఉన్నవాళ్లకు ఇందులో పనికొచ్చేది అదే.

ముడి గురించి ఒక్క మాట. లాక్ ఎంత బాగా కట్టినా పైన ముడి ఊడిపోతే అంతా వదులే. లేసు ముడులు నడకలో ఎందుకు ఊడతాయో కాలిఫోర్నియా విశ్వవిద్యాలయం బర్కిలీ ఇంజినీర్లు 2017లో ప్రచురించిన పరిశోధనలో చూపించారు. పాదం నేలను తాకే దెబ్బకు ముడి సడలుతుంది, ఊగే కొసలు దాన్ని బయటికి లాగుతాయి. ముడి వేసిన తర్వాత సీతాకోకచిలుక రెక్కల్లా ఉండే రెండు చెవులు బూటుకు అడ్డంగా పడితే అది గట్టి ముడి. మడమ నుంచి వేళ్ల వైపు నిలువుగా తిరిగి ఉంటే అది త్వరగా ఊడే ముడి. సరిచెయ్యడానికి మొదటి చుట్టును మాత్రం రోజూ వేసే దానికి వ్యతిరేక దిశలో వేస్తే చాలు, చెవులు వేసే పద్ధతి మార్చక్కర్లేదు.

లాక్ వేసుకున్న మొదటి రోజు ఎక్కువ బిగించకుండా జాగ్రత్తపడాలి. చీలమండ ముందు భాగంలో పాదాన్ని పైకెత్తే పెద్ద స్నాయువు ఉంటుంది. ముడి దాని మీద కోసుకుపోయేంత బిగిస్తే అక్కడ కొత్త నొప్పి పుడుతుంది. పాదం పైకెత్తినప్పుడల్లా కిర్రుమన్నట్టుండే ఆ నొప్పి తగ్గడానికి రోజులు పడుతుంది. బిగుతు సరిపోయిందో లేదో తెలుసుకోవడానికి ముంగాళ్ల మీద లేచి నిలబడాలి. మడమ గిన్నెలోంచి లేవకూడదు, చీలమండ ముందు ఏమీ గుచ్చుకోకూడదు. పరుగెత్తే కొద్దీ పాదం వాస్తుంది కాబట్టి పది నిమిషాల తర్వాత ఒకసారి ఆగి సరిచూసుకోవాలి.

లేసుతో సరికానివి కూడా ఉన్నాయి. లేసు పూర్తిగా బిగించినప్పుడు రెండు వైపుల రంధ్రాల వరసలు దాదాపు ఒకదానికొకటి తగులుతుంటే, పాదానికి ఆ బూటు మరీ వెడల్పన్న మాట. ఏ కట్టుతోనూ అది కుదరదు. రెండు వరసలూ బాగా ఎడంగా విచ్చుకుని ఉంటే మీగాలి ఎత్తుకు ఆ బూటు చాలడం లేదని అర్థం. లోపలి మెత్తను తీసి నేల మీద పెట్టి దాని మీద నిలబడితే, పొడవాటి వేలి ముందు బొటనవేలి వెడల్పంత చోటు మిగలాలి. అంతకంటే బాగా ఎక్కువ మిగిలితే మడమ జారుడికి కారణం పొడవే. మరో సంగతి చాలామందికి తట్టదు. మెత్తగా ఉంటుందని మందమైన ఇన్సోల్ వేస్తే మడమ గిన్నెలోంచి పైకి లేస్తుంది, మీగాలు లేసుకు ఒత్తుకుంటుంది. రెండు బాధలూ ఒకేసారి మొదలైతే, ఈ మధ్య ఇన్సోల్ మార్చారేమో గుర్తు చేసుకోవాలి.

లేసు ఒత్తిడి వల్ల వచ్చే నొప్పి బూటు విప్పాక తగ్గుతుంది, కిటికీ కట్టు కట్టిన కొద్ది రోజుల్లోనే పోతుంది. అలా కాకుండా ఎముక మీద ఒక్క చోట నొక్కితే భరించలేనంత నొప్పి ఉండటం, వాపు, పరుగు ఆపాక కూడా సలుపు, రాత్రిళ్లు నొప్పి ఉంటే అది ఎముకలో సన్నని చీలిక కావచ్చు. పరుగు దూరాన్ని ఒక్కసారిగా పెంచినవాళ్లలో ఇది వస్తుంది. అలాంటప్పుడు పరుగు ఆపి ఎముకల డాక్టరుకు చూపించాలి. షుగరు వల్ల పాదాల్లో స్పర్శ తగ్గినవాళ్లు నొప్పి తెలియడం లేదు కాబట్టి లేసు సరిగానే ఉందనుకోకూడదు. బూటు విప్పాక మీగాలి మీద ఎర్రని గీతలు ఉన్నాయేమో కళ్లతో చూసుకోవాలి. తమకు కనిపించకపోతే ఇంట్లోవాళ్లను చూడమనాలి.

మన కుర్రాడి విషయంలో రంధ్రాల వరసల మధ్య ఎడం సరిగానే ఉంది, వేలి ముందు చోటూ సరిపోయింది. కాబట్టి మూడుకీ నాలుగుకీ మధ్య కిటికీ, ఏడో రంధ్రంలో లాక్ అతనికి చాలు. పొక్కు మానేదాకా దాని మీద టేపు వేసుకోవాలి.

కొత్త జత కొనేవాళ్లు సాయంత్రం పూట, అంటే పాదాలు కాస్త వాచి ఉన్న వేళ, రోజూ వేసుకునే మేజోళ్లతో దుకాణానికి వెళ్లండి. వెనక్కి జరిగిన ఆ చివరి రంధ్రం ఉందో లేదో చూడండి. డబ్బు కట్టకముందే అక్కడే కూర్చుని లాక్ కట్టుకుని దుకాణంలో అటూ ఇటూ నడవండి. అప్పటికీ మడమ లేస్తుంటే మొహమాటపడకుండా ఆ జత పక్కన పెట్టి, అర సైజు తక్కువది అడగండి.